చేరే ముందే వదిలే తేదీ లెక్క వేసుకోండి

"కంగ్రాట్స్ అండి, మీ ఆఫర్ రిలీజ్ అయింది. మెయిల్ చూసుకుని రేపు సాయంత్రంలోగా యాక్సెప్ట్ చేసేయండి." రిక్రూటర్ నుంచి ఈ ఫోన్ వచ్చాక ఇంట్లో అందరూ ముందుగా వెతికేది జీతం పట్టిక. సీటీసీ ఎంత, చేతికి ఎంత వస్తుంది, పాతదాని కన్నా ఎంత పెరిగింది అన్నది చూస్తారు. ఆ పట్టిక తర్వాత చిన్న అక్షరాల్లో మూడు నాలుగు పేజీలుంటాయి. వాటిని చివరిదాకా చదివేవాళ్లు తక్కువ. ప్రొబేషన్, నోటీస్ పీరియడ్, సర్వీస్ బాండ్ అనే మూడు మాటలు ఆ పేజీల్లోనే ఉంటాయి.

ఈ మూడింటినీ విడివిడిగా చదివితే ఏ ఒక్కటీ భయపెట్టదు. ఆరు నెలల ప్రొబేషన్ ఎక్కడైనా ఉండేదే. తొంభై రోజుల నోటీసు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మామూలైపోయింది. రెండేళ్ల బాండ్ అంటే, ఎలాగూ రెండేళ్లు చేస్తాం కదా అనుకుంటాం. కానీ ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి నడుస్తాయి. ఉద్యోగం నచ్చకపోయినా, ఇంట్లో అవసరం వచ్చినా, ఇంకా మంచి అవకాశం దొరికినా ఏ తేదీన బయటికి రాగలం, అందుకు జేబులోంచి ఎంత కట్టాలి అన్నది మూడూ కలిసే తేలుస్తాయి. అందుకే వీటిని కలిపి చదవాలి, కలిపి అడగాలి, సంతకానికి ముందే అడగాలి.

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. కాకినాడలో బీటెక్ చదివి, హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లుగా టెస్టింగ్ పని చేస్తున్న అమ్మాయి అనుకుందాం. మాదాపూర్‌లో ఒక మధ్యరకం కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. నెలకు గ్రాస్ 50,000 రూపాయలు, అందులో బేసిక్ 25,000. చేరాల్సిన తేదీ 2026 జూన్ 1. ఆఫర్ లెటర్‌లో ఆరు నెలల ప్రొబేషన్ అని, అవసరమైతే పొడిగిస్తామని, తర్వాత 90 రోజుల నోటీసు అని ఉంది. చివర్లో ఒక వాక్యం ఉంది: చేరేటప్పుడు కంపెనీ సర్వీస్ అగ్రిమెంట్‌పై సంతకం చేయాలి. అదేమిటని అడిగితే రిక్రూటర్ ఫోన్‌లో, "రెండేళ్ల బాండ్ అండి, మధ్యలో మానేస్తే రెండు లక్షలు. అందరూ చేసేదే, జస్ట్ ఫార్మాలిటీ" అన్నారు.

ఇంట్లో లెక్క వేసుకున్నారు. 2026 జూన్‌లో చేరితే 2028 మే నెలాఖరుకి బాండ్ తీరిపోతుంది. పెళ్లి సంబంధాలు, పై చదువు, బెంగళూరుకో విదేశానికో వెళ్లడం, ఇలాంటివన్నీ ఆ తేదీని బట్టే ఆలోచించుకుంటారు.

ఇప్పుడు అగ్రిమెంట్ కాగితాల్లో ఏముండవచ్చో చూడండి. బాండ్ కాలం చేరిన తేదీ నుంచి కాదు, కన్ఫర్మేషన్ తేదీ నుంచి మొదలవుతుందని ఒక క్లాజు. ప్రొబేషన్ నవంబరు నెలాఖరుకి అయిపోవాలి. పని చూసిన మేనేజర్ మారాడనో, ప్రాజెక్టు ఆలస్యమైందనో మూడు నెలలు పొడిగించారు. కన్ఫర్మేషన్ 2027 మార్చి 1న వచ్చింది. అక్కడి నుంచి రెండేళ్లంటే 2029 ఫిబ్రవరి నెలాఖరు. బాండ్ పూర్తయ్యాకే రాజీనామా ఇవ్వాలని ఇంకో క్లాజు. మార్చి 1న రాజీనామా ఇస్తే 90 రోజుల నోటీసు పూర్తయ్యేసరికి మే నెలాఖరు. ఫోన్‌లో విన్న రెండేళ్లు కాగితం మీద మూడేళ్లయ్యాయి. రిక్రూటర్ చెప్పిన ఒక్క మాటలోనూ అబద్ధం లేదు. బాండ్ ఎప్పటి నుంచి లెక్క, బాండ్ ఉండగా నోటీసు ఇవ్వొచ్చా అన్న రెండు ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగలేదు.

ముందుగా ప్రొబేషన్ సంగతి. ఇది కంపెనీ మనల్ని చూసుకునే కాలం అని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, ఆరు నెలలు గడవగానే దానంతటదే ముగిసిపోదని. రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ఉద్యోగి ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు లెక్క అని చాలా లెటర్లలో ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఆరు నెలలు ఎన్ని నెలలైనా కావచ్చు. హెచ్ఆర్ వాళ్లు మరిచిపోయినా నష్టం ఉద్యోగికే. కొన్ని చోట్ల జీతం పెంపు, వేరియబుల్ పే, కొన్ని రకాల సెలవులు కన్ఫర్మేషన్‌తో ముడిపడి ఉంటాయి. బాండ్ కూడా దానితో ముడిపడితే ఏమవుతుందో పైన చూశాం. కాబట్టి "ప్రొబేషన్ ఎన్ని నెలలు" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎన్నిసార్లు పొడిగించగలరు, మొత్తం ఎన్ని నెలలకు మించకూడదు, గడువు దాటినా లెటర్ రాకపోతే కన్ఫర్మ్ అయినట్టేనా అన్నవి అసలు ప్రశ్నలు.

ప్రొబేషన్‌లో నోటీసు రెండు వైపులా ఒకేలా ఉందా అన్నది కూడా చూడాలి. కంపెనీ తీసేయాలనుకుంటే ఏడు రోజులో, ఒక్కోసారి అసలు నోటీసే లేకుండానో పంపేయవచ్చని రాసి, ఉద్యోగి మానేయాలంటే మాత్రం ముప్ఫై, అరవై రోజులని రాసిన లెటర్లు ఉన్నాయి. ఇక్కడ చట్టం కొంత అండగా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వరుసగా ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసో దానికి బదులు వేతనమో ఇవ్వకుండా తీసేయకూడదు. అక్కడ లెక్కకు వచ్చేది పనిచేసిన నెలలు. ప్రొబేషన్‌ను తొమ్మిది నెలలకు పొడిగించిన కంపెనీకి ఈ సంగతి గుర్తుండకపోవచ్చు, ఉద్యోగికి గుర్తుండాలి.

నోటీసు దగ్గర అసలు ఇబ్బంది రోజుల సంఖ్య కన్నా ఆ రోజుల్ని డబ్బుతో కొనుక్కునే పద్ధతిలో ఉంటుంది. దీన్నే బైఅవుట్ అంటారు. మన ఉదాహరణలోని అమ్మాయికి ఏడాదిన్నర తర్వాత ఇంకో కంపెనీ ఉద్యోగం ఇచ్చి, ముప్ఫై రోజుల్లో చేరమంది అనుకుందాం. తొంభై రోజుల నోటీసులో అరవై రోజులు తక్కువ పడ్డాయి. ఆ అరవై రోజులకు గ్రాస్ మీద కట్టమంటే లక్ష రూపాయలు. బేసిక్ మీద కట్టమంటే యాభై వేలు. లెటర్‌లో "నోటీసుకు బదులు జీతం" అని మాత్రమే ఉంటే జీతం అంటే ఏదన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. అప్పుడు వాదించే బలం మనకు ఉండదు, ఎందుకంటే కొత్త కంపెనీలో చేరే తేదీ తరుముతూ ఉంటుంది.

దీనికన్నా జాగ్రత్తగా చూడాల్సింది "కంపెనీ విచక్షణ మేరకు" అన్న మాట. అది ఉంటే మనం డబ్బు కడతామన్నా వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు, తొంభై రోజులూ కూర్చోమనవచ్చు. మనిషిని బలవంతంగా పనిలో కూర్చోబెట్టమని మన దేశంలో కోర్టు ఆదేశించదు. స్వయంగా చేయాల్సిన సేవల ఒప్పందాన్ని అలా అమలు చేయించడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఒప్పుకోదు. కానీ కంపెనీకి కోర్టుతో పనేముంది? రిలీవింగ్ లెటర్ ఆపితే చాలు. కొత్త కంపెనీ తరఫున బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లు ఫోన్ చేసినప్పుడు "అబ్‌స్కాండింగ్" అని చెబితే చాలు. చట్టం ఏం చెబుతుందన్నది ఒక ఎత్తు, కాగితం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ఎత్తు. ఈ తేడా తెలియక, "కోర్టులో నిలబడదులే" అని స్నేహితులు చెప్పిన మాట నమ్మి ఇబ్బంది పడినవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే బైఅవుట్ మన హక్కా, వాళ్ల దయా అన్నది చేరే ముందే రాతలో తేలాలి. మిగిలిన సెలవుల్ని నోటీసులో సర్దుతారా అన్నది కూడా అప్పుడే అడగొచ్చు.

నోటీసు సొమ్ము గురించి చాలామందికి తెలియని రెండు సంగతులు ఉన్నాయి. నోటీసుకు బదులు వసూలు చేసే మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపిన కంపెనీలు ఒకప్పుడు ఉండేవి. నోటీసు సొమ్ము మీద గానీ, బాండ్ ఉల్లంఘన కింద తీసుకున్న సొమ్ము మీద గానీ జీఎస్టీ పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. రెండోది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్. రాజీనామా చేసినా, కంపెనీయే తీసేసినా, రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని అందులో ఉంది. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ నలభై ఐదు రోజుల తర్వాత అని మీ లెటర్‌లో ఉంటే, ఆ వాక్యం పాత నమూనాలోంచి వచ్చిందేమో అని హెచ్ఆర్‌ను మర్యాదగా అడగవచ్చు.

ఇక బాండ్. దీని గురించి రెండు రకాల మాటలు ప్రచారంలో ఉన్నాయి. బాండ్ అసలు చెల్లదని ఒకరంటారు. సంతకం పెట్టాక రెండు లక్షలూ కట్టాల్సిందేనని ఇంకొకరంటారు. రెండూ సగం నిజాలే.

బాండ్ చెల్లదనుకునేవాళ్లు విజయా బ్యాంకు కేసు తెలుసుకోవాలి. తర్వాత 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయిన ఆ బ్యాంకు, మూడేళ్లు పనిచేయకుండా వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతుతో అధికారుల్ని తీసుకుంది. 2007లో చేరిన ఒక సీనియర్ మేనేజర్ 2009లో ఇంకో బ్యాంకులో చేరడానికి రాజీనామా చేశారు. అభ్యంతరం తెలుపుతూనే రెండు లక్షలు కట్టి, ఆ షరతు చెల్లదని కోర్టుకు వెళ్లారు. కర్ణాటక హైకోర్టులో ఆయన గెలిచారు. సుప్రీంకోర్టు 2025 మేలో ఆ తీర్పును కొట్టేసింది. ఆ షరతు ఉద్యోగంలో ఉన్న కాలానికి సంబంధించినదే తప్ప, బయటికి వెళ్లాక ఇంకెక్కడా పనిచేయొద్దని అడ్డుకునేది కాదని కోర్టు చెప్పింది. ప్రభుత్వ బ్యాంకు ఒక పోస్టు నింపాలంటే ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి, ఎంతో సమయం, డబ్బు వెచ్చించాలని గుర్తుచేసింది. ఆ అధికారి హోదాకు, జీతానికి రెండు లక్షలు రాజీనామాను అసాధ్యం చేసేంత పెద్ద మొత్తం కాదని కూడా చూసింది.

ఈ చివరి రెండు కారణాలు ప్రైవేటు ఉద్యోగులకు ముఖ్యం. మాదాపూర్ కంపెనీ దేశమంతా ప్రకటన ఇచ్చి పరీక్ష పెట్టలేదు. నెలకు యాభై వేలు వచ్చే అమ్మాయికి రెండు లక్షలంటే నాలుగు నెలల జీతం. కాబట్టి ఆ తీర్పు చూపించి ప్రతి బాండూ చెల్లుతుందని చెబితే, అది తీర్పును పూర్తిగా చదవనట్టే.

కాగితం మీద ఉన్న అంకె మొత్తం కట్టాల్సిందేనా అన్నదానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ జవాబు చెబుతుంది. ఒప్పందంలో ఎంత రాసుకున్నా, దాన్ని తప్పినప్పుడు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే. ఇది లెక్కలోకి ఎలా దిగుతుందో 2011లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక కంపెనీ ఉద్యోగికి శిక్షణ ఇప్పించి, మూడేళ్లు పనిచేయాలి, లేదా రెండు లక్షలు కట్టాలి అని బాండ్ రాయించుకుంది. ఆయన రెండేళ్లు చేసి వెళ్లిపోయారు. శిక్షణకు కంపెనీ నిజంగా పెట్టిన ఖర్చు 67,595 రూపాయలని తేలింది. మూడేళ్లలో రెండేళ్లు పనిచేశారు కాబట్టి మిగిలింది మూడో వంతు. కోర్టు ఇప్పించింది 22,532 రూపాయలు.

రిక్రూటర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఆ లెక్కలోనే ఉన్నాయి. బాండ్ దేనికి? శిక్షణకైతే ఏ శిక్షణ, ఎన్ని వారాలు, బయటి సంస్థ ఇస్తుందా, ఖర్చు ఎంత? చేరిన వారంలో కంపెనీ నియమాల మీద చూపించే స్లైడ్లను శిక్షణ అనలేం. పనిచేసిన నెలల మేరకు మొత్తం తగ్గుతుందా? తగ్గేటట్టయితే, ఇరవై నాలుగు నెలల బాండ్‌లో పద్దెనిమిది నెలలు చేసి వెళ్తే కట్టేది యాభై వేలు. తగ్గకపోతే ఇరవై మూడో నెలలో వెళ్లినా రెండు లక్షలే. ఈ ఒక్క మార్పు వల్ల కంపెనీకి పోయేది పెద్దగా ఏమీ ఉండదు, అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. నా దృష్టిలో బాండ్‌లో ముందుగా అడగాల్సింది ఇదే.

రెండోది, కంపెనీయే తీసేస్తే ఏమవుతుంది? ప్రాజెక్టు పోయిందని, బెంచ్ మీద ఎక్కువ కాలం ఉన్నారని పంపేసినప్పుడు కూడా "ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అన్న మాట బాండ్‌లో ఉంటే సొమ్ము అడిగే దారి తెరిచి ఉన్నట్టే. ఆ చోట "ఉద్యోగి స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే" అని ఉండాలి. మూడోది, సెలవులు. జీతం లేని సెలవు తీసుకుంటే బాండ్ కాలం అంత పెరుగుతుందని కొన్ని అగ్రిమెంట్లలో ఉంటుంది. ప్రసూతి సెలవును కూడా అందులో కలిపారా అన్నది స్పష్టంగా అడగాలి.

బాండ్‌తో పాటు ఇంకేం అడుగుతున్నారన్నది ఇంకా ముఖ్యం. స్టాంపు పేపరు మీద సంతకం ఒక రకం. అంకె రాయని, తేదీ లేని చెక్కు తీసుకోవడం పూర్తిగా వేరే సంగతి. బాండ్ సొమ్ము కోసం కంపెనీ వేయాల్సింది సివిల్ దావా, దానికి ఏళ్లు పడుతుంది. చేతిలో చెక్కుంటే దాన్ని బ్యాంకులో వేసి, అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా వేసే వీలున్న సెక్షన్ అది. నిజంగా చెల్లించాల్సిన బాకీ లేదని వాదించుకోవచ్చు, కానీ వాదించుకోవాల్సింది కోర్టు వాయిదాల మధ్య. ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలోనూ ఇంతే గట్టిగా ఉండాలి. చూపించాలి, సరిచూసుకోనివ్వాలి, తిరిగి తెచ్చేసుకోవాలి. డిగ్రీ కాగితాన్ని తాకట్టుగా పెట్టించుకునే కంపెనీలో చేరకపోవడమే మంచిదని నేను ఖండితంగా చెబుతాను.

జాయినింగ్ బోనస్‌ను కూడా బాండ్ చెల్లెలిగానే చూడాలి. ఏడాదిలోపు వెళ్తే తిరిగి కట్టాలని ఉంటుంది. లక్ష బోనస్ ఇస్తే పన్ను పోను చేతికి డెబ్భై, ఎనభై వేలే రావచ్చు. తిరిగి కట్టమనేది మాత్రం లక్ష. ఇంటి సామాను తరలింపు ఖర్చులదీ ఇదే తీరు.

ఇవన్నీ ఎవరిని అడగాలి? ఫోన్ చేసిన రిక్రూటర్ కంపెనీ మనిషా, కన్సల్టెన్సీ మనిషా అన్నది ముందు తెలుసుకోండి. కన్సల్టెన్సీకి డబ్బు వచ్చేది మీరు చేరాకే. కొన్ని నెలల్లోపు మీరు మానేస్తే వేరొకరిని ఉచితంగా చూపించాలన్న షరతు కూడా వాళ్ల మీద ఉంటుంది. కాబట్టి మీరు చేరాలన్న ఆత్రం వాళ్లకు ఉంటుంది, అగ్రిమెంటులో ఏముందో మాత్రం చాలాసార్లు వాళ్లూ చూసి ఉండరు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్ల మాట మీదే ఆగిపోకుండా ప్రశ్నను హెచ్ఆర్ దాకా పంపించడం మన పని.

ఎప్పుడు అడగాలన్నదీ ముఖ్యమే. మొదటి ఇంటర్వ్యూలోనే బాండ్ గురించి మొదలుపెడితే వెళ్లిపోయే ఆలోచనతోనే వస్తున్నారనుకుంటారు. జీతం మాట్లాడుకున్నాక, ఆఫర్ వచ్చాక, యాక్సెప్ట్ చేయకముందు, పాత కంపెనీలో రాజీనామా ఇవ్వకముందు అడగాలి. ఆ సమయంలో కంపెనీ మీ కోసం ఇంటర్వ్యూల మీద సమయం ఖర్చుపెట్టి ఉంది, ఆమోదాలన్నీ తెచ్చుకుని ఉంది, మళ్లీ మొదటి నుంచి వెతకాలంటే వాళ్లకూ కష్టమే. పాత చోట రాజీనామా పెట్టిన మరుక్షణం తూకం అటు వాలిపోతుంది.

ఫోన్‌లో ఇలా అనొచ్చు: "థాంక్స్ అండి, చేరాలని నాకూ ఉంది. రెండు మూడు పాయింట్లు మెయిల్ పెడతాను, హెచ్ఆర్ నుంచి క్లారిటీ ఇప్పిస్తే వెంటనే యాక్సెప్ట్ చేస్తాను. సర్వీస్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్ కూడా పంపించగలరా?" ఆ వెంటనే మెయిల్ వెళ్లాలి. అది ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది, అందులో ఉండాల్సిన విషయం ఇదీ:

"ఆఫర్‌కు కృతజ్ఞతలు. అంగీకరించే ముందు ఈ విషయాలు స్పష్టం చేయగలరు. ప్రొబేషన్ పొడిగింపుతో కలిపి గరిష్ఠంగా ఎన్ని నెలలు? ప్రొబేషన్‌లోనూ ఆ తర్వాతా కంపెనీ ఇవ్వాల్సిన నోటీసు, నేను ఇవ్వాల్సిన నోటీసు ఎన్ని రోజులు? నోటీసు బైఅవుట్‌కు వీలుందా, ఉంటే గ్రాస్ మీదా, బేసిక్ మీదా? సర్వీస్ బాండ్ ఏ తేదీ నుంచి మొదలై ఏ తేదీకి ముగుస్తుంది? పనిచేసిన నెలల మేరకు మొత్తం తగ్గుతుందా? బాండ్ చివరి నెలల్లోనే నోటీసు ఇచ్చి, అది ముగిసిన రోజున రిలీవ్ కావచ్చా? కంపెనీయే ఉద్యోగం నుంచి తీసేస్తే బాండ్ వర్తిస్తుందా? చేరే రోజు సంతకం చేయాల్సిన ఒప్పందాల నకళ్లు ముందుగా పంపగలరు."

బాండ్ "ఎన్నేళ్లు" అని అడగడం కన్నా "ఏ తేదీ నుంచి ఏ తేదీకి" అని అడగడం మేలు. తేదీ చెప్పాలంటే జవాబిచ్చేవాళ్లు కూడా క్లాజు తెరిచి చదవాల్సి వస్తుంది.

వచ్చే జవాబుల్లో తేడాలుంటాయి. "కంపెనీ పాలసీ ప్రకారం" అంటే జవాబు రానట్టే, ఆ పాలసీ కాగితం పంపమని అడగాలి. "ఇప్పటిదాకా ఎవరి దగ్గరా వసూలు చేయలేదు" అంటే, అలాగైతే ఆ క్లాజు తీసేయడానికి అభ్యంతరం ఉండకూడదు కదా అని మెత్తగా అడగొచ్చు. "అగ్రిమెంట్ చేరే రోజే ఇస్తాం, ముందు ఇవ్వడం కుదరదు" అంటే మాత్రం ఆలోచించాలి. పాత ఉద్యోగం వదులుకుని, లగేజీతో హాస్టల్ మారి వచ్చిన రోజున కాగితం ముందు పెడితే ఎవరు చదవగలరు, ఎవరు కాదనగలరు? కంపెనీ రహస్యాలు తుడిచేసిన ఖాళీ నమూనా అయినా పంపమని ఇంకోసారి అడగండి.

అడగగానే అన్నీ మారిపోవు. క్యాంపస్‌లో వందల మందిని ఒకేసారి తీసుకునే కంపెనీ ఒక్క ఫ్రెషర్ కోసం బాండ్ మార్చదు, అక్కడ ప్రశ్న వల్ల దక్కేది తెలిసి సంతకం చేయడమే. తొంభై రోజుల నోటీసు అనుభవం ఉన్నవాళ్లకు కూడా తగ్గడం కష్టం. బాండ్ మొదలయ్యే తేదీ, నెలల మేరకు తగ్గింపు, ప్రొబేషన్ గరిష్ఠ పరిమితి, ఈ మూడూ మాత్రం అనుభవం ఉన్నవాళ్లు అడిగితే మారే అవకాశం బాగానే ఉంటుంది.

జవాబు మెయిల్‌లో వచ్చింది కదా అని అక్కడ ఆగకూడదు. చాలా అగ్రిమెంట్ల చివర్లో, ఇదే పూర్తి ఒప్పందం, దీనికి ముందు జరిగిన మాటలు, ఉత్తరాలు, మెయిళ్లు ఏవీ చెల్లవు అన్న క్లాజు ఉంటుంది. దాని మీద సంతకం పెడితే రిక్రూటర్ మెయిల్‌లో ఇచ్చిన మాట బలం చాలావరకు పోతుంది. అందుకే ఒప్పుకున్న మార్పుల్ని ఆఫర్ లెటర్‌లోనో, అగ్రిమెంట్‌లోనో రాయించి, సవరించిన కాపీ తెప్పించుకోవాలి.

మన ఉదాహరణకు వస్తే, హెచ్ఆర్ ఇలా జవాబిచ్చింది అనుకుందాం: ప్రొబేషన్ తొమ్మిది నెలలకు మించదు, బాండ్ చేరిన రోజు నుంచే లెక్క, నెలల మేరకు మొత్తం తగ్గుతుంది, బాండ్ ఉండగానే నోటీసు ఇవ్వొచ్చు, బైఅవుట్ మేనేజర్ ఒప్పుకుంటే బేసిక్ మీద, తొంభై రోజుల్లో మార్పు లేదు. ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. 2028 మార్చి 2న నోటీసు ఇస్తే మే 31న, బాండ్ తీరిన రోజునే, పైసా కట్టకుండా బయటికి రావచ్చు. ముందే, 2027 నవంబరు నెలాఖరుకి, పూర్తి నోటీసు చేసి వెళ్లాలనుకుంటే కట్టాల్సింది యాభై వేలు. మేనేజర్ ఒప్పుకుని నోటీసులో అరవై రోజులు కొనుక్కుంటే ఇంకో యాభై వేలు. మొదటి కాగితం ప్రకారమైతే ఇదే పనికి రెండు లక్షల బాండ్, గ్రాస్ మీద నోటీసు లక్ష, మొత్తం మూడు లక్షలు అయ్యేది.

సవరించిన లెటర్ వచ్చాక పాత కంపెనీకి రాజీనామా మెయిల్ పెట్టవచ్చు. చేరిన రోజున సంతకం చేసేటప్పుడు డ్రాఫ్ట్‌లో ఉన్న క్లాజులే అసలు కాగితంలోనూ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూడాలి, ముఖ్యంగా తేదీలు, అంకెలు. ఖాళీలు వదిలిన చోట సంతకం పెట్టకూడదు. రెండు వైపులా సంతకాలు పడిన కాపీ ఒకటి అడిగి తీసుకోవాలి. దాన్ని, రిక్రూటర్‌తో నడిచిన మెయిళ్లను సొంత మెయిల్‌లో దాచుకోవాలి, ఎందుకంటే ఆఫీసు లాగిన్ చివరి పనిరోజుతో ఆగిపోతుంది. ఆ కాగితం అవసరం పడేది సరిగ్గా ఆ తర్వాతే.